అడగగానే రెండు నిమిషాలు మాట్లాడడం: ఎంచుకునే వరుస వేరు, చెప్పే వరుస వేరు

సమావేశం ముగింపుకు వస్తుండగా అధ్యక్షత వహిస్తున్నవారు మన వైపు తిరిగి, "ఈ విషయంపై మీరేమంటారో రెండు నిమిషాల్లో చెప్పండి" అంటారు. ఇంటర్వ్యూలోనూ, తరగతి గదిలోనూ, ఎవరో చివరి నిమిషంలో రాలేకపోయిన సభలోనూ ఇదే పరిస్థితి ఎదురవుతుంది. ఆ క్షణంలో చాలామంది చేసే ప్రయత్నం ఒక్కటే: ఆ విషయం గురించి తమకు తెలిసినదంతా ఒక్కసారిగా గుర్తుచేసుకోవాలని చూస్తారు. గుర్తుకు వచ్చినది వచ్చినట్టు చెప్పుకుంటూ పోతారు, నాలుగు దిక్కులకు వెళ్ళి, ఎక్కడ ఆపాలో తెలియక "అంతే అండీ" అని కూర్చుంటారు. తరువాత వారిని అడిగితే, సిద్ధం కావడానికి సమయం లేకపోయిందని అంటారు. నా పరిశీలనలో అసలు కారణం అది కాదు. వారికి దొరికిన పది సెకన్లు సరిపోయేవే. ఆ పది సెకన్లను వారు పోగుచేయడానికి వాడుకున్నారు, ఎంచుకోవడానికి వాడుకోలేదు.

ఆశు సమాధానానికి ఒక చట్రం ఉండాలని, అభిప్రాయం, కారణం, ఉదాహరణ, మళ్ళీ అభిప్రాయం అనే నాలుగు మెట్లు ఎక్కితే చాలని శిక్షణ ఇచ్చేవారు చెబుతారు. ఆ చట్రం మంచిదే. కానీ అది చెప్పవలసిన వరుస మాత్రమే. ఆలోచించవలసిన వరుస అది కాదు. ఈ రెంటినీ ఒకటిగా భావించి, ముందు అభిప్రాయం కోసం వెతుక్కునేవారు అక్కడే చిక్కుకుపోతారు. ఈ వ్యాసం ప్రధానంగా ఆ తేడా గురించే.

ముందుగా, రెండు నిమిషాల్లో ఎంత పడుతుందో తెలియాలి. ఈ నిడివిని యాదృచ్ఛికంగా ఎంచుకోలేదు. ప్రసంగ కళను సాధన చేసేందుకు 1924లో మొదలైన టోస్ట్‌మాస్టర్స్ సంఘాల సమావేశాల్లో ఆశు ప్రసంగాల విభాగానికి ఒకటి నుంచి రెండు నిమిషాల సమయం ఇస్తారు. ఒక నిమిషం కాగానే ఆకుపచ్చ, నిమిషంన్నరకు పసుపు, రెండు నిమిషాలకు ఎరుపు సంకేతం చూపిస్తారు. పోటీల్లోనైతే నిమిషం కంటే తక్కువ మాట్లాడినా, రెండున్నర నిమిషాలు దాటినా పోటీ నుంచి తొలగిస్తారు. ఇంగ్లీషు ప్రావీణ్యాన్ని కొలిచే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలోని మాట్లాడే విభాగంలో కూడా ఒక భాగం ఇలాగే ఉంటుంది. అక్కడ ఒక నిమిషం ఆలోచించుకుని, కాగితంపై రాసుకుని, ఆ తరువాత ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి. మనం ఇక్కడ చర్చిస్తున్నది అంతకంటే కష్టమైన సందర్భం, ఎందుకంటే ఇక్కడ కాగితమూ లేదు, ఆ ఒక్క నిమిషమూ లేదు.

మీ రెండు నిమిషాల్లో ఎన్ని మాటలు పడతాయో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. నిన్న మీకు జరిగిన ఏదైనా ఒక విషయాన్ని మామూలు వేగంతో ఒక నిమిషం పాటు ఫోన్‌లో రికార్డు చేసి, అందులోని మాటలను లెక్కపెట్టండి. ఆ సంఖ్యను రెట్టింపు చేస్తే మీ కొలత తెలుస్తుంది. ఉదాహరణకు నిమిషానికి 90 మాటలు వచ్చాయనుకుంటే, రెండు నిమిషాలకు 180. అంటే చేతిరాతతో ఒక పేజీ నిండడం కూడా అనుమానమే. అందులో ఒక అభిప్రాయం, ఒక కారణం, ఒక సంఘటన పడతాయి. మూడు అంశాలు పట్టవు. "మూడు అంశాలు చెబుతాను" అని మొదలుపెట్టే పద్ధతిని చాలాచోట్ల నేర్పుతారు గానీ, పావుగంట ప్రసంగానికి పనికొచ్చే ఆ పద్ధతి ఇక్కడ పనికిరాదని నా అభిప్రాయం. ఒక్కో అంశానికి 40 సెకన్లు కూడా రావు. ఆ కాస్త సమయంలో అంశం పేరు చెప్పగలం గానీ దానికి ప్రాణం పోయలేం. పైగా మూడోది మరిచిపోతే, మరిచిపోయామన్న సంగతి అందరికీ తెలిసిపోతుంది, ఎందుకంటే మూడని ముందే మనమే చెప్పాం.

చట్రం ఎందుకు సాయపడుతుందో కూడా చూడాలి. మనం మాట్లాడుతున్నప్పుడు మనసులో మూడు పనులు జరుగుతాయని భాషా మనోవిజ్ఞానంలో విలెం లెవెల్ట్ 1989లో ప్రతిపాదించిన నమూనా చెబుతుంది. ఏం చెప్పాలో నిర్ణయించుకోవడం మొదటిది, దానికి తగిన మాటలనూ వాక్యాన్నీ కూర్చుకోవడం రెండోది, దానిని పలకడం మూడోది. ఈ మూడూ ఒకదాని తరువాత ఒకటిగా కాక, ఒకదానిమీద ఒకటి నడుస్తాయి. నోరు ఒక మాటను పలుకుతూ ఉండగానే మనసు తరువాతి మాటను కూరుస్తూ ఉంటుంది. వీటిలో మొదటి పని, అంటే ఏం చెప్పాలన్న నిర్ణయం, అన్నిటికంటే బరువైనది. చట్రం లేకుండా మాట్లాడేవారు ప్రతి వాక్యం చివరా ఆ నిర్ణయాన్ని కొత్తగా తీసుకోవలసి వస్తుంది. చట్రం ఉన్నవారు ఆ నిర్ణయాన్ని మొదట్లోనే ఒక్కసారి తీసుకుంటారు, తరువాత మాటలు కూర్చుకోవడం మీదే దృష్టి పెడతారు. మనం ఒకేసారి మనసులో పట్టి ఉంచగలిగేవి సుమారు నాలుగు అంశాలేనని 2001లో మనోవిజ్ఞానవేత్త నెల్సన్ కోవన్ చేసిన సమీక్ష చెబుతుంది. చట్రానికి నాలుగు మెట్లకు మించి ఉండకపోవడమే మేలన్నది అందుకే.

ఇక తెలుగులో మాట్లాడేవారికి ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. కారణం కూడా సహజంగా ముందే వస్తుంది: "వాన పడుతోంది కాబట్టి బయటికి వెళ్ళొద్దు." రాతలో ఇది అందంగానే ఉంటుంది. అప్పటికప్పుడు మాట్లాడేటప్పుడు మాత్రం, కారణం మొదలుపెట్టి, దానికి మరో కారణం తగిలించి, "అలా చేసి, అది చూసి, వారితో మాట్లాడి" అంటూ అసమాపక క్రియలను గొలుసుగా పేర్చుకుంటూ పోతే, చివరి క్రియ ఎప్పుడు వస్తుందా అని శ్రోత ఎదురుచూస్తూనే ఉంటాడు. మాట్లాడేవారు కూడా అసలు ఏ క్రియతో ముగించాలనుకున్నారో మధ్యలో మరిచిపోతారు. మన ఆశు ప్రసంగాల్లో సగంలో ఆగిపోయిన వాక్యాలు ఇన్ని ఉండడానికి భయం కంటే ఈ గొలుసే ఎక్కువ కారణమని నేను నమ్ముతున్నాను.

దీనికి విరుగుడు కూడా తెలుగులోనే ఉంది. "కాబట్టి"తో కలిపే వాక్యాన్ని "ఎందుకంటే"తో విడగొట్టాలి. ముందు అభిప్రాయాన్ని పూర్తి క్రియతో చెప్పి ఆపాలి. తరువాత "ఎందుకంటే" అని కొత్త వాక్యం మొదలుపెట్టాలి. కారణం అయ్యాక "ఒకసారి ఏమైందంటే" అని సంఘటనలోకి వెళ్ళాలి. చివర "అందుకే" అని అభిప్రాయానికి తిరిగి రావాలి. ఎందుకంటే, ఒకసారి, అందుకే: ఈ మూడు మాటలే తలుపుకు కీళ్ళలాంటివి. నాలుగు మెట్ల పేర్లు గుర్తుపెట్టుకోవలసిన అవసరం లేదు, ఈ మూడు మాటలు నోటికి అలవాటైతే చాలు. ఒకటి పలకగానే తరువాత ఎలాంటి వాక్యం రావాలో ఆ మాటే చెబుతుంది. శ్రోతకు కూడా మనం ఎక్కడున్నామో దానివల్లే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ మొదటి పది సెకన్లలో ఏం చేయాలో చూద్దాం. చెప్పే వరుసలో అభిప్రాయం ముందుంటుంది. ఎంచుకునే వరుసలో మాత్రం సంఘటన ముందుండాలి. "దీని గురించి నేనేమనుకుంటున్నాను?" అని మనసును అడిగితే, అది వెంటనే రెండు వైపులా వాదించడం మొదలుపెడుతుంది. అటూ నిజమే అనిపిస్తుంది, ఇటూ నిజమే అనిపిస్తుంది, సమయం అయిపోతుంది. దానికి బదులు "దీనికి సంబంధించి నేను కళ్ళారా చూసింది ఏమిటి?" అని అడిగితే, ఒక చోటు, ఒక మనిషి, ఒక రోజు గుర్తుకు వస్తాయి. ఆ సంఘటనే ఒక వైపు మొగ్గి ఉంటుంది. అది ఏ వైపు మొగ్గితే అదే మన అభిప్రాయంగా తీసుకోవాలి. విషయం మీద మనకున్న తుది తీర్పు అది కాకపోవచ్చు, కానీ ఈ రెండు నిమిషాల్లో మనం నిజాయతీగా నిలబెట్టగలిగేది అదే. కారణాన్ని విడిగా వెతకనక్కరలేదు, సంఘటనకూ అభిప్రాయానికీ మధ్య ఉన్న లంకెయే కారణం, మాట్లాడుతుండగా అది దానంతట అదే వస్తుంది. కాబట్టి పది సెకన్లలో పట్టుకోవలసినవి రెండే: ఒక సంఘటన, ఒక వాక్యం. ఆ వాక్యాన్నే మొదటా చెబుతాం, చివరా చెబుతాం. అంటే నోరు తెరవకముందే మన ముగింపు మన చేతిలో ఉంటుంది.

పది సెకన్ల మౌనం అసాధ్యమని చాలామందికి అనిపిస్తుంది. అలా అనిపించడానికి కారణం ఉంది. సంభాషణలో ఒకరు ఆపాక మరొకరు అందుకునే వ్యవధి సగటున సెకనులో ఐదో వంతుకు అటూఇటుగా ఉంటుందని పది భాషలపై 2009లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. ఆ వేగానికి అలవాటు పడినందువల్ల రెండు సెకన్ల మౌనం కూడా మనకు బరువుగా తోస్తుంది. కానీ నలుగురి ముందు నిలబడి మాట్లాడడం సంభాషణ కాదు, శ్రోతలు ఆ విరామాన్ని ఆలోచనగానే తీసుకుంటారు. మన కంగారు వారికి కనిపిస్తోందన్న భావన కూడా చాలావరకు భ్రమే. సవిట్స్కీ, గిలోవిచ్ అనే మనోవిజ్ఞానవేత్తలు 2003లో ప్రచురించిన ప్రయోగంలో, తమ లోపలి ఆందోళన తాము అనుకున్నంతగా ఎదుటివారికి కనిపించదని ముందే తెలుసుకున్న వక్తలు, తెలియనివారి కంటే మెరుగ్గా మాట్లాడారు. ఆ పది సెకన్లలో కొన్నిటిని గౌరవంగా నింపే పని కూడా ఒకటుంది: నింపాదిగా లేచి నిలబడి, ప్రశ్నను మన మాటల్లో ఒకసారి తిరిగి చెప్పడం. దానివల్ల వ్యవధి దొరకడమే కాక, ప్రశ్నను మనం సరిగ్గా విన్నామో లేదో కూడా తేలిపోతుంది. "చాలా మంచి ప్రశ్న అడిగారు" అనే మాట మాత్రం వద్దు. అది మనసుకు ఏ పనీ చెప్పదు.

ఒక ఉదాహరణను పూర్తిగా పరిశీలిద్దాం. మేం వారానికోసారి కలిసి ఆశు సమాధానాలు సాధన చేసే ఒక చిన్న బృందంలో, ఒక కార్యాలయంలో లెక్కల విభాగంలో పనిచేసే ఆమెకు ఈ ప్రశ్న వచ్చింది: "కొత్తగా చేరినవారికి మొదటి వారంలోనే అసలు పని అప్పగించడం మంచిదేనా?" ఆమె మొదటి ప్రయత్నం ఇలా మొదలైంది: "ఇది చాలా మంచి ప్రశ్న అండీ. కొత్తవాళ్ళు అంటే రకరకాలుగా ఉంటారు, కొంతమంది అనుభవంతో వస్తారు, కొంతమంది చదువు అవగానే వస్తారు, అంటే సంస్థను బట్టి కూడా ఉంటుంది, పెద్ద సంస్థల్లో శిక్షణ ఇచ్చి, ఆ తరువాత పరీక్ష పెట్టి, దాన్ని బట్టి..." ఆ వాక్యం పూర్తి కాలేదు. 55 సెకన్ల వరకు ఆమె అవునన్నదీ లేదు, కాదన్నదీ లేదు. తన సొంత అనుభవం నిమిషం 50 సెకన్ల దగ్గర మొదలైంది. అది చక్కటి అనుభవం, కానీ అప్పటికే సమయం దాటిపోతోందని గ్రహించి సగంలో వదిలేసి, "సో, ఆ విధంగా ఉంటుంది" అని ముగించింది.

అదే ప్రశ్నకు మళ్ళీ జవాబు చెప్పమన్నాం. ఈసారి ముందు సంఘటనను ఎంచుకుని, దాని నుంచి ఒక వాక్యం తీసుకోమన్నాం. ఎనిమిది సెకన్లు ఆగి, ఆమె చెప్పినది దాదాపు ఇది:

"కొత్తవారికి మొదటి వారంలోనే అసలు పని ఇవ్వాలని నేను అనుకుంటున్నాను. చిన్న పని, కానీ నిజమైన పని. ఎందుకంటే, పని చేతికి వచ్చేదాకా మనకు ఏం తెలియదో మనకే తెలియదు. నియమావళి చదువుతున్నంతసేపు అంతా అర్థమైనట్టే ఉంటుంది. సందేహాలే రావు. నేను చేరిన మూడో రోజు ఇలాగే జరిగింది. 40 పాత బిల్లుల జాబితా ఇచ్చి సరిచూడమన్నారు. అందులో ఒకే బిల్లు రెండుసార్లు కనిపించింది. అది పొరపాటో, రెండు విడతల చెల్లింపో నాకు తెలియలేదు. ఎవరిని అడగాలో కూడా తెలియలేదు. చివరికి పక్క బల్ల దగ్గర ఉన్న ఆయనను అడిగాను. ఆయన నన్ను చెల్లింపుల విభాగానికి తీసుకెళ్ళారు. అక్కడివారు పాత రసీదు తీసి చూపించారు. అది పొరపాటే. ఆ అరగంటలో నాకు ముగ్గురి పేర్లు తెలిశాయి. ఏ కాగితం ఎక్కడ ఉంటుందో తెలిసింది. అంతకు ముందు రెండు రోజుల చదువులో అవి తెలియలేదు. అయితే ఒక షరతు. ఆ జాబితాను నా తరువాత మరొకరు చూశారు. నేను తప్పు చేసినా నష్టం జరిగేది కాదు. అలా చూసేవారు లేని పనిని మొదటి వారంలో ఇవ్వకూడదు. అందుకే, మొదటి వారంలోనే పని ఇద్దాం. వెనక ఒకరు సరిచూసే చిన్న పని ఇద్దాం."

విరామాలతో కలిపి ఇది నిమిషంన్నర దాటింది, రెండు నిమిషాలకు చేరలేదు. ఇందులో మూడు సంగతులు చూడాలి. అభిప్రాయం మొదటి పది సెకన్లలోనే వచ్చేసింది, ఆ తరువాత ఏం విన్నా శ్రోత దాన్ని ఆ అభిప్రాయానికే జతచేసుకుంటాడు. సంఘటన సగానికి పైగా సమయం తీసుకుంది, అదే సరైన పంపకం. వాక్యాలన్నీ చిన్నవి, దాదాపు ప్రతి వాక్యమూ తన క్రియతో తాను ముగిసింది. "తెలియలేదు, అడిగాను, తీసుకెళ్ళారు, చూపించారు" అని ఒక్కొక్క అడుగూ దించుకుంటూ వెళ్ళింది. రాతలో ఇన్ని పొడి వాక్యాలు వరుసగా వస్తే ముక్కలుగా అనిపించవచ్చు. చెవికి మాత్రం అవి హాయిగా ఉంటాయి, చెప్పేవారికి ప్రతి వాక్యం చివరా ఊపిరి తీసుకునే చోటు దొరుకుతుంది.

"అయితే ఒక షరతు" అన్న భాగం గురించి కొంచెం ఆగి చెప్పాలి. చట్రంలో అది తప్పనిసరి మెట్టు కాదు. సంఘటన ముగిసేసరికి ఇంకా వ్యవధి ఉందనిపిస్తే వాడుకునేందుకు ఉంచుకున్న మాట అది. సమయం మిగిలినప్పుడు చాలామంది రెండో కారణం మొదలుపెడతారు. రెండో కారణానికి రెండో ఉదాహరణ కావాలి, అది సిద్ధంగా ఉండదు, మాట నేలబారుగా సాగుతుంది. దానికి బదులు చెప్పినదానికే హద్దు గీస్తే, అంటే అది ఎక్కడ చెల్లదో చెబితే, కొత్త సామగ్రి ఏమీ అక్కరలేదు, పైగా మాట మరింత నమ్మదగినదిగా మారుతుంది. మరో రకంగా, సంఘటన పూర్తికాకముందే నిమిషంన్నర దాటిందని తెలిస్తే, ఆ మెట్టు వదిలేసి నేరుగా "అందుకే"కు వెళ్ళిపోవచ్చు. అలా ఈ ఒక్క భాగం నిడివిని పెంచడానికీ తగ్గించడానికీ ఉపయోగపడుతుంది, మిగిలిన నాలుగు మెట్లనూ కదపనక్కరలేదు.

ఎక్కడ తప్పుతామో కూడా ముందే తెలుసుకోవాలి, ఎందుకంటే ఆ తప్పులు దాదాపు ఎప్పుడూ అవే చోట్ల జరుగుతాయి. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, నిమిషం దాటిన కాసేపటికి ఒక కొత్త ఆలోచన తట్టడం. మొదటి ఆలోచన కంటే అది మంచిదిగా కనిపిస్తుంది. "ఇంకో విషయం ఏమిటంటే" అనో "అలాగే" అనో నోటి నుంచి వచ్చిందంటే ఆ వలలో పడ్డామని గుర్తు. ఆ ఆలోచన నిజంగా మంచిదే కావచ్చు, అయినా దానిని చెప్పకూడదు. మొదటి ఆలోచన ఇంకా ఒడ్డు చేరలేదు, దాన్ని నడి ఏటిలో వదిలి రెండో పడవ ఎక్కితే రెండూ మునుగుతాయి. రెండో ఆలోచనను ఎవరైనా తరువాత అడిగితే చెప్పవచ్చు.

సంఘటనకు ముందు పెట్టే ఉపోద్ఘాతం మరో చిక్కు. "నేను అప్పట్లో వేరే విభాగంలో ఉండేదాన్ని, ఆ విభాగంలో మొత్తం పదిమంది ఉండేవాళ్ళు, మా పై అధికారి కొత్తగా వచ్చారు" అని మొదలుపెడితే, సంఘటన జరిగే చోటికి చేరేసరికి 30 సెకన్లు అయిపోతాయి. దీనిని పరీక్షించే పద్ధతి సులువు: సంఘటనలోని మొదటి వాక్యంలో ఎవరో ఒకరు ఏదో ఒక పని చేస్తూ ఉండాలి. "40 బిల్లుల జాబితా ఇచ్చి సరిచూడమన్నారు" అన్న వాక్యంలో పని ఉంది. విభాగంలో ఎంతమంది ఉన్నారన్నది తరువాత అవసరమైతే వస్తుంది, చాలాసార్లు అవసరమే రాదు.

"అంటే", "అదీ", "సో", "యాక్చువల్లీ" వంటి ఊతపదాల గురించి శిక్షకులు ఎక్కువగా పట్టించుకుంటారు. నేను అంతగా పట్టించుకోను. తరువాతి మాట రావడానికి కొంత ఆలస్యం ఉందని వక్త శ్రోతకు తెలియజేసే సంకేతాలుగా "అ", "అమ్" వంటి శబ్దాలు పనిచేస్తాయని క్లార్క్, ఫాక్స్ ట్రీ అనే పరిశోధకులు ఇంగ్లీషు సంభాషణలను పరిశీలించి 2002లో వాదించారు. మన ఊతపదాలనూ నేను అలాగే చూస్తాను: అవి లక్షణం, రోగం కాదు. ఏం చెప్పాలన్నది తేలితే అవి వాటంతట అవే తగ్గుతాయి. వాటి మీదే నిఘా పెట్టి మాట్లాడితే, బరువైన మొదటి పనికి మరో బరువు తోడవుతుంది. రికార్డు విన్నప్పుడు అవి ఎక్కడ గుమికూడాయో మాత్రం చూసుకోవడం మంచిది, ఎందుకంటే సాధారణంగా మెట్టు మారే చోటే అవి దండిగా ఉంటాయి. అక్కడ "ఎందుకంటే" గానీ "అందుకే" గానీ రావలసి ఉండి రాలేదని అర్థం.

ఇదంతా మనసులో అనుకుంటే రాదు, పైకి పలికి సాధన చేయాలి. మనసులో అనుకునే మాటలు పూర్తి వాక్యాలు కావు. అవి ముక్కలుగా, వేగంగా సాగుతాయి, క్రియలు లేకపోయినా మనకు అర్థమైపోతాయి. అందువల్ల మనసులో రెండు నిమిషాల జవాబు పది సెకన్లలో పూర్తయి, బాగా వచ్చిందన్న తృప్తి కూడా కలుగుతుంది. నోటితో పలికినప్పుడే గొలుసు వాక్యం ఎక్కడ చిక్కుపడిందో, సంఘటన ఎంత సాగిందో బయటపడతాయి.

సాధనకు కావలసినవి ఒక ఫోను, కొన్ని చీటీలు మాత్రమే. పదిహేను ఇరవై ప్రశ్నలు రాసి, వీలైతే వేరొకరితో రాయించి, మడిచి పెట్టుకోవాలి. ఒక చీటీ తీసి, ప్రశ్నను పైకి చదివి, పది సెకన్లు ఆగి, నిలబడి మాట్లాడి రికార్డు చేయాలి. ఆ వెంటనే విని మూడే మూడు సంగతులు రాసుకోవాలి: అభిప్రాయం ఎన్నో సెకనులో వచ్చింది, సంఘటన ఎన్నో సెకనులో మొదలైంది, చివరి వాక్యం ఏమిటి. గొంతు ఎలా ఉంది, చేతులు ఎలా కదిలాయి అన్న విచారణ ఇప్పుడు వద్దు. తరువాత అదే ప్రశ్నకు రెండోసారి జవాబు చెప్పాలి. మూడోసారి చెప్పకూడదు, ఎందుకంటే అప్పటికి అది కంఠస్థమై ఆశు సమాధానం కాకుండా పోతుంది. అభిప్రాయం 20 సెకన్లలోపు, సంఘటన 45 సెకన్లలోపు మొదలై, చివరి వాక్యం మొదటి వాక్యాన్ని పోలి ఉంటే ఆ జవాబు నిలబడినట్టే. మొదటి వాక్యానికీ చివరి వాక్యానికీ పొంతన లేకపోతే, మాట్లాడుతూ మధ్యలో అభిప్రాయం మార్చుకున్నామని తెలుస్తుంది. అది తప్పేమీ కాదు గానీ, సంఘటనను ముందుగా ఎంచుకోలేదనడానికి అది ఖచ్చితమైన ఆధారం.

ఈ చట్రం చెల్లని ప్రశ్నలూ ఉన్నాయి. "ఆ పని ఎంతవరకు వచ్చింది?" అని అడిగితే అభిప్రాయమూ సంఘటనా అక్కరలేదు. ఎంత అయిందో, ఏం మిగిలిందో, ఎప్పటికి పూర్తవుతుందో చెప్పి ఆపాలి. రెండు నిమిషాలు ఇచ్చారు కదా అని నింపకూడదు. ఎవరికైనా వీడ్కోలు చెప్పమన్నా, కృతజ్ఞతలు చెప్పమన్నా వాదన వద్దు. నిన్న వారిని ఎలా చూశామో, నేడు వారి వల్ల ఏం మిగిలిందో, రేపు వారికి ఏం కోరుకుంటున్నామో అన్న కాలక్రమం అక్కడ సరిపోతుంది. ఇక విషయమే తెలియనప్పుడు ఏం చేయాలన్నది అన్నిటికంటే కఠినమైన సందర్భం. అక్కడ కూడా మొదటి వాక్యం సూటిగానే ఉండాలి: "దీనిపై అభిప్రాయం చెప్పేంతగా నాకు తెలియదు." తరువాత, అభిప్రాయం ఏర్పరచుకోవడానికి తాను ఏ ఒక్క సంగతి తెలుసుకోవాలనుకుంటున్నారో చెప్పి కూర్చోవచ్చు. అది 20 సెకన్లలో ముగుస్తుంది. శ్రోతలకు కూడా ఆ ప్రశ్నలో అసలు తేలవలసినది ఏమిటో తెలుస్తుంది.

లెక్కల విభాగంలో పనిచేసే ఆమెకు ఆ తరువాత మరో చిక్కు వచ్చింది. ఆ 40 బిల్లుల సంఘటన అంత బాగా కుదిరిందని, ఏ ప్రశ్న వచ్చినా అందులోకే దారి తీయసాగింది. సాధన ముదిరినవారందరికీ ఇది ఎదురవుతుంది, ఎందుకంటే మనసు ముందుగా అందించేది ఇటీవల వాడిన సంఘటననే. దానికి మేం పెట్టుకున్న నియమం ఒకటే: చీటీ తీశాక మొదట గుర్తుకు వచ్చిన సంఘటన గతవారం వాడినదే అయితే, దాన్ని పక్కన పెట్టి రెండోదాని కోసం ఆగాలి. దానికి మరో మూడు నాలుగు సెకన్లు పడుతుంది. ఆమె ఇప్పుడు ఆ సెకన్లు కూడా ఆగుతోంది.